40కి 12 వచ్చిన కాగితాన్ని చదవడం ఎలా?

"మేము కర్నూలు నుంచి బెంగళూరు వచ్చి రెండేళ్లయింది. మా అమ్మాయి పదో తరగతి, సీబీఎస్ఈ. లెక్కల యూనిట్ పరీక్షలో 40కి 13 వచ్చాయి. 'నాకు లెక్కల బుర్ర లేదమ్మా' అని పుస్తకం మూసేసింది. బడిలో గ్రోత్ మైండ్‌సెట్ గురించి చెప్పి, 'రాదు' అనకుండా 'ఇంకా రాలేదు' అనమన్నారు. నేను అలా అంటే ఆమెకు మరింత కోపం వస్తోంది. పరీక్ష పోవడాన్ని తీర్పులా కాకుండా సమాచారంలా చూడాలంటే ఇంట్లో అసలు ఏం చేయాలి?"

అమ్మా, మీ అమ్మాయి కోపంలో న్యాయముంది. "ఇంకా రాలేదు" అన్న మాటలో ఏది రాలేదో చెప్పలేదు. ఆ ఖాళీని పిల్లలు తమకు తోచినదానితో నింపుకుంటారు. తోచేది "లెక్కలు" అన్న మొత్తం సబ్జెక్టు, లేదా "బుర్ర". లెక్కలు రావన్నా, లెక్కలు ఇంకా రాలేదన్నా ఆ వయసు పిల్లకు ఒకేలా వినిపిస్తుంది. అదే "బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి రెండో పదం గుర్తు మార్చడం ఇంకా రాలేదు" అంటే, రేపు సాయంత్రం కూర్చుని చేయదగిన పని ఒకటి కనిపిస్తుంది. నేను ఇరవై ఏడేళ్లుగా బెంగళూరులో లెక్కలు చెబుతున్నాను. కృష్ణరాజపురం, మారతహళ్లి వైపు తెలుగు ఇళ్ల నుంచి వచ్చే పిల్లలే ఎక్కువ. ఆ "ఇంకా" ముందు ఏ పేరు పెట్టాలో దిద్దిన కాగితం నుంచి ఎలా పట్టుకోవాలన్నదే ఈ జవాబు.

ముందుగా ఒక ప్రయోగం గురించి చెప్పాలి. గ్రోత్ మైండ్‌సెట్ అనే ఆలోచన కరోల్ డ్వెక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తది. తెలివి పుట్టుకతో వచ్చిన కొలత, అది మారదని నమ్మేవారు ఒక రకం, సాధనతో పెరుగుతుందని నమ్మేవారు ఇంకో రకం. జెన్నిఫర్ మాంగెల్స్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో డ్వెక్ కూడా ఉన్నారు. కాలేజీ విద్యార్థుల తలకు మెదడు తరంగాలు నమోదు చేసే పరికరం తగిలించి జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు అడిగారు. ఒక్కో జవాబు తరువాత ముందు ఒప్పా తప్పా అన్నది చూపించారు, కాసేపాగి సరైన జవాబు చూపించారు. తెలివి మారదని నమ్మేవారి మెదడు "ఒప్పా, తప్పా" అన్న చోట గట్టిగా స్పందించింది. సరైన జవాబు చూపిన చోట మాత్రం దాన్ని జ్ఞాపకంలో లోతుగా దించుకునే గుర్తులు వారిలో తక్కువగా కనిపించాయి. ఆ తరువాత ముందుగా చెప్పకుండా, తప్పిన ప్రశ్నలనే మళ్లీ అడిగితే వారు సరిదిద్దుకున్నవి కూడా రెండో రకం వారికంటే తక్కువే.

ఇద్దరికీ అందినది ఒకే సమాచారం. ఒకరు తీర్పు విన్నాక చెవులు మూసుకున్నారు, ఇంకొకరు తరువాతి మాట కూడా విన్నారు. మీ ఇంట్లో జరిగింది అదే. 13 అన్న అంకె చూశాక మీ అమ్మాయి కాగితంలో మిగతాది చూడలేదు. దీనికి ఉపదేశం పనిచేయదు. ఆ అంకె కంటికి కనిపించకుండా, మిగతాది చదవక తప్పకుండా చేయాలి. నేను కాగితం మొదటి పేజీ మూల మడిచి క్లిప్పు పెడతాను. ఇది పిల్లచేష్టలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో ఒక విషయం గమనించారు. వ్యాఖ్య మాత్రమే ఇచ్చిన పిల్లలు తరువాతి పనిలో మెరుగయ్యారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇచ్చినవారు అలా మెరుగవలేదు. మార్కు పక్కన ఉంటే వ్యాఖ్యను ఎవరు చదువుతారు?

ఇప్పుడు ఒక నిజమైన కాగితం చూద్దాం. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన పదో తరగతి అబ్బాయిది. పీలేరు దగ్గర ఏడో తరగతి వరకు తెలుగు మీడియం చదివి, ఎనిమిదిలో బెంగళూరు వచ్చాడు. రెండు చరరాశుల సమీకరణాలు, వర్గ సమీకరణాల మీద పరీక్ష, తొంభై నిమిషాలు, 40కి 12. పోయినవి 28. బడి ఇచ్చిన చీటీలో "రెండు అధ్యాయాలూ బలహీనం, మళ్లీ చదవాలి" అని ఉంది. చీటీ తప్పని అనను, కానీ దానితో ఏ పనీ మొదలుపెట్టలేం. రెండు అధ్యాయాలు మొదటి నుంచి చదవమంటే ఏ పిల్లవాడైనా తనకు వచ్చిన లెక్కలే మళ్లీ చేసి, చదివానన్న తృప్తితో నిద్రపోతాడు.

మొదట మొత్తం కూడిక సరిచూశాను. దిద్దేవాళ్లూ మనుషులే, అప్పుడప్పుడు రెండు మూడు మార్కులు కూడికలో జారిపోతాయి. ఇతనికి అలా ఏమీ లేదు. తరువాత దిద్దిన కాగితం పక్కన పెట్టించి, ప్రశ్నపత్రం మాత్రం ఇచ్చి, గడియారం లేకుండా తెల్లకాగితం మీద తప్పిన లెక్కలన్నీ మళ్లీ చేయమన్నాను. ఈ మెట్టు దాటేయవద్దు. తెలియక పోయిన మార్కు, సమయం చాలక పోయిన మార్కు దిద్దిన కాగితంలో ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి. వేరు చేసేది ఈ రెండో ప్రయత్నమే.

చివరి మూడు ప్రశ్నలు అతను ముట్టుకోలేదు. అవి 11 మార్కులు. ఇంట్లో చేసినప్పుడు నాలుగేసి మార్కుల లెక్కలు రెండూ సరిగ్గా వచ్చాయి, మూడు మార్కులది రాలేదు. అంటే అందులో 8 మార్కులు తీసుకెళ్లింది గడియారం. మరి సమయం ఎక్కడ పోయింది? జవాబు రఫ్ కాలమ్‌లో దొరికింది. ఒకే లెక్కను మూడుసార్లు చేసి కొట్టేశాడు. ఇరవై నిమిషాలు దానికే అయ్యాయని తనే చెప్పాడు. లెక్క ఇది:

2x² − (x − 2)² = 28

బ్రాకెట్ విప్పితే లోపల x² − 4x + 4 వస్తుంది. ముందు మైనస్ ఉంది కనుక మూడు పదాల గుర్తులూ మారి, x² + 4x − 32 = 0 కావాలి. అప్పుడు x విలువలు 4, −8. ఇతను మైనస్‌ను మొదటి పదానికి మాత్రమే తగిలించాడు:

2x² − x² − 4x + 4 = 28

దానితో x² − 4x − 24 = 0 వచ్చింది. అది కారణాంకాలుగా విడదు. విడకపోతే ఎక్కడో తప్పు చేశానని మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే అదే తప్పు చేశాడు. తప్పని తెలియనిదాన్ని ఎన్నిసార్లు సరిచూసినా కంటపడదు.

ఇప్పుడు మరో అధ్యాయంలోని, పూర్తిగా వేరుగా కనిపించే లెక్క చూడండి. 3x + 2y = 12, 3x − 4y = −6. మొదటిదాని నుంచి రెండోదాన్ని తీసేస్తే 6y = 18, y = 3, x = 2. ఇతను 3xలో 3x తీసేశాడు, కానీ మిగతా పదాలను ఉన్న గుర్తులతోనే కలిపేశాడు. 2y − 4y, 12 − 6. దానితో −2y = 6, y = −3, x = 6. అధ్యాయం వేరు, తప్పు ఒకటే. తీసివేత గుర్తు తన పక్కనున్న మొదటి పదాన్నే తాకుతుందని ఈ అబ్బాయి నమ్ముతున్నాడు. మూడు ప్రశ్నల్లో దీనివల్ల నేరుగా 7 మార్కులు పోయాయి. ఇరవై నిమిషాలు మింగినందుకు ఇంకో 8. రెండు అధ్యాయాల బలహీనత అనుకున్నదానిలో 15 మార్కులు ఒక్క నమ్మకం దగ్గరకు వచ్చి ఆగాయి.

మిగిలిన వాటిలో 7 మార్కులు మాటల్లో ఇచ్చే లెక్కలవి. తండ్రీకొడుకుల వయసుల లెక్కలో, అయిదేళ్ల కిందటి మాట చెబుతుంటే తండ్రి వయసులోనే 5 తీసేశాడు. ప్రశ్నను ఇంగ్లిషులో పైకి చదవమని, తరువాత నాకు తెలుగులో కథలా చెప్పమన్నాను. సగం చెప్పి ఆగాడు. "అప్పుడు కొడుకు కూడా అయిదేళ్లు చిన్నవాడే కదా సార్" అన్నాడు. ఇంకో లెక్క పడవది. అప్‌స్ట్రీమ్ అంటే అటువైపో ఇటువైపో తేలక ఏదో ఒకటి వేశాడు. ఏటికి ఎదురు వెళ్లడం అని చెబితే వేగాల్లోంచి ప్రవాహాన్ని ఎందుకు తీసేయాలో తనే వివరించాడు. ఇవి లెక్కల తప్పులు కావు, చదవడంలో వచ్చిన చిక్కు. మీరు కూడా ఊరు మారి వచ్చారు కనుక ఈ పరీక్ష తప్పకుండా చేసి చూడండి. తెలుగులో చెప్పించినప్పుడు లెక్క కుదిరితే, కావలసింది ట్యూషన్ కాదు, ఓ ముప్పై మాటల పట్టిక.

ఇంకో 3 మార్కులు ప్రశ్నలో 8 ఉంటే 6 అని రాసుకున్నందుకు పోయాయి. నిజంగా చేతకాని లెక్క ఆ చివరి 3 మార్కులదే. ఇలా 28 మార్కులకూ ఇంటి చిరునామా దొరికింది.

ఈ పంపకం పిల్లల చేతికే ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో ముందే చెబుతాను. సగానికి పైగా "కేర్‌లెస్ మిస్టేక్" అనే గంపలో పడేస్తారు. ఆ గంప అంటే నాకు చిరాకు. చాలా ఏళ్లు నేనే కాగితాల మీద ఎర్రసిరాతో అజాగ్రత్త అని రాస్తూ వచ్చాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఆ మాట సమాచారంలా కనిపిస్తుంది కానీ అదీ తీర్పే. పిల్లలకు అది ఇష్టం, ఎందుకంటే "నాకు వచ్చు, జారిపోయింది అంతే" అంటే పరువు నిలుస్తుంది. తెలివి మారదని నమ్మే పిల్లలకు మరీ అవసరం ఆ మాట. మన అబ్బాయి కూడా మైనస్ తప్పులను అందులోనే వేశాడు.

నిజంగా జారిందా, లేక తప్పుగా నేర్చుకున్నదా అన్నది తేల్చడం తేలికే. మర్నాడు అదే రకం కొత్త లెక్కలు మూడు ఇవ్వండి. ఏం చూస్తున్నారో చెప్పవద్దు. ప్రతి దాని పక్కన "ఖాయం" అనో "అనుమానం" అనో రాయమనండి. మూడూ ఒప్పయితే జారిందే, దాన్ని వదిలేయండి. మూడింటిలో రెండైనా అదే చోట తప్పితే అది నమ్మకం. పక్కన "ఖాయం" అని కూడా ఉంటే ఆ కాగితం మొత్తంలో అంతకంటే విలువైన గీత లేదు. అనుమానం ఉన్న చోట పిల్లలు తామే ఆగి ఎవరినో ఒకరిని అడుగుతారు. ఖాయమనుకున్న చోట ఎవరూ ఆగరు. మన అబ్బాయికి మూడింటిలో మూడూ తప్పాయి, మూడింటి పక్కనా ఖాయం అని ఉంది. చూసుకుని తనే నవ్వాడు. అంతకు ముందు వారం "నా వల్ల కాదు" అన్న పిల్లవాడు.

తరువాతి పని పెద్దదేమీ కాదు. పది రోజులు, రోజుకు ఆరు లెక్కలు, ఇరవై నిమిషాలు. రెండు షరతులు మాత్రం పెట్టాను. బ్రాకెట్‌ను ఒకేసారి విప్పకూడదు, ముందు లోపలిది విప్పి బ్రాకెట్‌లోనే ఉంచి ఒక గీత రాయాలి, గుర్తులు మార్చడం ఆ తరువాతి గీతలో. జవాబు వచ్చాక దాన్ని మొదటి సమీకరణంలో కాదు, రెండోదానిలో వేసి చూడాలి. పైన అతనికి వచ్చిన x = 6, y = −3 మొదటిదానిలో చక్కగా సరిపోతాయి, ఎందుకంటే x విలువ అందులోంచే తీశాడు. రెండోదానిలో వేస్తే 18 + 12 = 30 వస్తుంది, కావలసింది −6. అర నిమిషంలో దొంగ దొరికిపోతాడు. పది రోజుల తరువాత ఆ లెక్కలు పూర్తిగా ఆపేసి, రెండు వారాల పాటు వేరే అధ్యాయాల మధ్యలో చెప్పకుండా ఒకటీ రెండూ కలిపాను. మూడో వారంలో పాత తప్పు ఒకసారి తిరిగొచ్చింది. అలా వస్తుంది. పాత అలవాటు తొందరలో ముందు చేయి చాపుతుంది. అది కూడా కాగితం మీద తేదీతో రాసుకున్నాడు.

ఆరు వారాల తరువాత జరిగిన పరీక్షలో 40కి 22 వచ్చాయి. వాళ్లమ్మ ముఖం వాడిపోయింది, "ఇంత చేసినా ఇంతేనా సార్" అంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. పోయిన 18లో మైనస్ తప్పు వల్ల పోయినవి 2, ప్రశ్న అర్థం కాక పోయినవి 3. వదిలేసిన ప్రశ్న లేదు. మిగతా 13 మార్కులు కొత్తగా వచ్చిన అంకశ్రేఢి అధ్యాయంవి, అందులోనూ ఎక్కువ భాగం a + (n − 1)d అని రాయాల్సిన చోట a + nd అని రాసినందుకు పోయినవే. ఇరవయ్యో పదానికి చేరడానికి పందొమ్మిది అడుగులే వేస్తామన్నది బుర్రలో దిగలేదు. ఆ సాయంత్రం గుమ్మం మెట్లు లెక్కపెట్టించాను. మొత్తం అంకె మాత్రమే చూస్తే పదే పెరిగాయి. కారణాల వారీగా చూస్తే పాత రోగం తగ్గింది, కొత్తది పేరుతో సహా తెలిసింది.

ఇంట్లో ఏం మాట్లాడాలన్నది మీ ప్రశ్నలో దాగి ఉంది కనుక అదీ చెబుతాను. "నువ్వు తెలివైనదానివే, ఎందుకిలా అయింది" అనవద్దు. 1998లో క్లాడియా ముల్లర్, డ్వెక్ కలిసి అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, తెలివిని మెచ్చుకున్న పిల్లలే ఒక కష్టమైన పేపరు తగలగానే ఎక్కువగా డీలాపడ్డారు. తెలివి వల్ల గెలిస్తే, ఓడింది తెలివి లేకనే కదా అని వాళ్ల లెక్క. అలాగని "కష్టపడ్డావు, అది చాలు" అనడమూ సరికాదు. కష్టపడి తప్పుగా చేస్తుంటే కష్టం తప్పునే గట్టిపరుస్తుంది. ఉత్త శ్రమను పొగడటం తన ఆలోచన కాదని డ్వెక్ కూడా తరువాత స్పష్టంగా రాయాల్సి వచ్చింది. మీరు అడగవలసింది చిన్న ప్రశ్న: "ఈ గీత దగ్గర నువ్వేం అనుకున్నావు?" అడిగి ఆగిపోండి. జవాబు రావడానికి నిమిషం పట్టవచ్చు. ఆ నిమిషంలో వంటింట్లోకి వెళ్లిపోవద్దు, మీరే చెప్పేయవద్దు. కాగితం వచ్చిన రోజున మాత్రం ఇదేదీ వద్దు. అన్నం తిని పడుకోనివ్వండి, మర్నాడు చూడవచ్చు.

దీని మీద మరీ ఆశలు పెంచుకోవద్దని కూడా చెప్పాలి. అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. మెదడు సాధనతో పెరుగుతుందన్న పాఠం గంటలోపు చెబితే, వెనకబడిన పిల్లల సగటు గ్రేడు నాలుగు పాయింట్ల కొలమానంలో 0.1 పెరిగింది. అంత చవకైన పనికి అది మంచి ఫలితమే, కానీ చిన్నదే. నమ్మకం మారితే పిల్ల కాగితం తెరుస్తుంది, అంతవరకే దాని పని. బ్రాకెట్ విప్పడం మళ్లీ ఎవరో నేర్పాలి.

మీ అమ్మాయి కాగితం ఇంటికి పంపకపోతే, చాలా బడులు చూపించి వెనక్కి తీసుకుంటాయి కనుక, తల్లిదండ్రుల సమావేశం నాడు అడిగి ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసుకోండి. రఫ్ పని చేసిన పేజీలు మరవవద్దు. ఒక్క కాగితంతో పెద్ద నిర్ణయాలకు రావద్దు, పాతవి రెండు ఉంటే కలిపి చూడండి. అంకెలు తప్పుగా ఎక్కించుకోవడం మూడు కాగితాల్లోనూ కనిపిస్తే ముందు కళ్లు చూపించండి. నా దగ్గర ఒక అమ్మాయికి ఏడాదంతా అజాగ్రత్త అనే రాశాను, చివరికి తేలింది కళ్లద్దాలు కావాలని. చిన్న చిన్న కూడికలే ఏళ్ల తరబడి నిలవకపోతే, వేళ్ల మీద లెక్కే ఇంకా వదలకపోతే, అది ఈ పద్ధతికి లొంగేది కాదు, నేర్చుకోవడంలో ఇబ్బందులు పరీక్షించే మనస్తత్వ నిపుణులకు చూపించాలి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ కనిపించడం లేదు. ఆ మూడు కొత్త లెక్కలు చేయించాక, పక్కన ఖాయం, అనుమానం రాయించిన కాగితం ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.